టెస్ట్ లింకు శుక్రవారం దాకే, ఆ రాత్రే ఆఫీసులో రిలీజు. ఏం చేయాలి?

సెకండ్‌షిఫ్ట్: నిన్న, బుధవారం రాత్రి 9కి ఒక కంపెనీ నుంచి ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్ లింకు వచ్చింది. టెస్ట్ 90 నిమిషాలు. గడువు శుక్రవారం 11:59 PM UTC అని మెయిల్లో ఉంది. నా షిఫ్ట్ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా. శుక్రవారం రాత్రే మా రిలీజు, సీటు వదిలి లేవడానికి ఉండదు. గడువు పెంచమని అడగాలా? అడిగితే ఆసక్తి లేదనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

మియాపూర్_జావా: రాయడానికి కూర్చునేదాకా లింకు ముట్టుకోకండి. తెరిచిన క్షణం నుంచే టైమర్ తిరుగుతుంది.

నోటీసులో_ఉన్నా: నాకూ ఇదే బాధ. 90 రోజులంటే ఎవరూ ఆగడం లేదు. బై-అవుట్ ఇస్తారేమో అడిగి చూడండి.

సెకండ్‌షిఫ్ట్: నోటీస్ పీరియడ్ కాదండీ, టెస్ట్ 90 నిమిషాలు.

పదేళ్ల_రిక్రూటర్: టైమర్ గురించి పైన చెప్పింది సగమే నిజం. HackerRank లాంటి వాటిలో లింకు తెరిస్తే ముందు సూచనల పేజీ వస్తుంది. మొదలుపెట్టే బటన్ నొక్కాకే టైమర్ తిరుగుతుంది, ఇక బ్రౌజర్ మూసినా ఆగదు. కాబట్టి ఆ పేజీ ఈరోజే తెరిచి చదవండి, బటన్ మాత్రం నొక్కకండి. కెమెరా కావాలో, ఎన్ని ప్రశ్నలో అక్కడే తెలుస్తుంది.

ఇక గడువు. UTCకి ఐదున్నర గంటలు కలపండి. మీకు అది శనివారం తెల్లవారుజామున 5:29. శుక్రవారం అర్ధరాత్రితో అయిపోదు. కొన్ని చోట్ల గడువులోపు మొదలుపెడితే చాలు, కొన్ని చోట్ల ముగించాలి కూడా. మెయిల్లో ఆ మాట లేకపోతే ముగించాలనే లెక్క వేసుకోండి. అంటే 3:59కల్లా మొదలుపెట్టాలి. కానీ రిలీజు చేసి వచ్చిన కళ్లతో రెండు గంటల రాత్రి కోడ్ రాయమని నేను చెప్పను.

గడువు పెంచమని ఈరోజే అడగండి. no-reply అడ్రస్‌కు కాదు, మీతో ఫోన్లో మాట్లాడిన రిక్రూటర్‌కు. నాలుగు లైన్లు చాలు: లింకు అందింది, శుక్రవారం రాత్రి రిలీజు ఉంది, ఆదివారం సాయంత్రం 6 IST వరకు ఇవ్వగలరా, వీలుకాకపోతే శుక్రవారం ఉదయమే రాస్తాను. ఆ చివరి లైను తప్పకుండా ఉండాలి. అది ఉంటే ఆసక్తి లేదని ఎవరూ అనుకోరు. గడువు దాటాక అడిగితే మాత్రం ఎంత నిజమైన కారణమైనా సాకులాగే కనిపిస్తుంది.

ఫ్రెషర్_2023: మా డ్రైవ్‌లో అడిగినవాళ్లెవరికీ పెంచలేదు.

పదేళ్ల_రిక్రూటర్: వందల మందికి ఒకే స్లాట్ పెట్టిన చోట పెంచడం కష్టమే. విడిగా పంపిన లింకుకు తేదీ మార్చడం చిన్న పని. అయినా అందరూ మారుస్తారని హామీ ఇవ్వలేను.

గచ్చిబౌలి_టెస్టర్: ఆఫీసులోనే లంచ్‌లో రాసేద్దామనుకోకండి. నేను మీటింగ్ రూమ్‌లో ఆఫీసు లాప్‌టాప్ మీద కూర్చున్నా. కెమెరా పర్మిషన్ బ్లాక్ అయి ఉంది, అది తేలేసరికే పావుగంట పోయింది. తర్వాత రూమ్ బుక్ చేసుకున్నవాళ్లు తలుపు తీసి లోపలికొచ్చారు. సొంత లాప్‌టాప్, ఇల్లు, తలుపు గడియ. అంతే.

మియాపూర్_జావా: శుక్రవారం హాఫ్ డే లీవ్ పెట్టేయండి.

సెకండ్‌షిఫ్ట్: రిలీజు రోజు లీవ్ అడగలేను. పేజీ తెరిచి చూశాను. కెమెరా కావాలట, ఫుల్ స్క్రీన్ దాటితే నమోదవుతుందట. ఆఫీసు చాట్ పాప్‌అప్ వస్తే? మధ్యలో కరెంటు పోతే?

పదేళ్ల_రిక్రూటర్: ఆ లాప్‌టాప్‌లో చాట్ యాప్ నుంచి పూర్తిగా లాగౌట్ అవండి, మ్యూట్ చేస్తే సరిపోదు. ఫోన్ హాట్‌స్పాట్ ముందే ఒకసారి కలిపి చూసుకోండి. నెట్ పోతే హాట్‌స్పాట్ మీద అదే లింకుతో తిరిగి లోపలికి వెళ్లండి. అప్పటికీ కుదరకపోతే స్క్రీన్‌ను టైముతో సహా ఫోటో తీసి వెంటనే రిక్రూటర్‌కు పంపండి.

సెకండ్‌షిఫ్ట్ (శుక్రవారం మధ్యాహ్నం): నిన్న 11కి మెయిల్ పెట్టాను, రాత్రి దాకా జవాబు లేదు. ఉదయం 7:10కి మొదలుపెట్టి 8:40కి ముగించాను. రెండో ప్రశ్నలో పెద్ద ఇన్‌పుట్‌ల దగ్గర టైమ్‌అవుట్ వచ్చింది. ఆదివారం వరకు గడువు పెంచామని 11:30కి మెయిల్ వచ్చింది! ఇప్పుడు మళ్లీ రాయనిస్తారా?

పదేళ్ల_రిక్రూటర్: సబ్మిట్ అయ్యాక సాధారణంగా ఇవ్వరు, నేనైతే అడగను. 'ధన్యవాదాలు, ఉదయమే పూర్తి చేశాను' అని ఒక్క లైను రాసి రిలీజుకు వెళ్లండి.

గచ్చిబౌలి_టెస్టర్: నేనైతే అడిగి చూసేవాణ్ని.