ఈ వారం సమస్య: బిడ్డ పుట్టినంత బెడిసె చెలిమి

నిర్వాహకుడు (తిరుపతి): ఇది ఆటవెలది చివరి పాదం. పూరణ బాలింత నోట రావాలి. కాన్పు తరువాత తనను పక్కన పెట్టేశారని నొచ్చుకున్న స్నేహితురాలికి ఆమె చెప్పుకునే క్షమాపణగా పద్యం నడవాలి.

శ్రీకాళహస్తి కుర్రవాడు:

పాల కేడ్చు చుండఁ బట్టిని వీడలే
కుంటి నమ్మ! తప్పు కాదు నాది
నిదుర లేని రేల నిన్ను మరచిపోతి
బిడ్డ పుట్టినంత బెడిసె చెలిమి

చిత్తూరు అయ్యవారు: గణాలు కుదిరాయి, మూడవ పాదం హాయిగా నడిచింది. రెండవ పాదంలోనే ‘కుం’కు ‘కా’ యతి చెల్లదు. హల్లు కలిసినా అచ్చు కలవలేదు. ఉకారానికి ఒకారం మైత్రి ఉన్నది కనుక ‘కుంటి నమ్మ! నాది కొంత తప్పె’ అని మార్చుకో నాయనా. యతితో పాటు అర్థం కూడా దారికి వస్తుంది, ఎందుకంటే తప్పు నాది కాదన్న తరువాత అది క్షమాపణ కాదు, సంజాయిషీ.

శ్రీకాళహస్తి కుర్రవాడు: మార్చుకున్నాను అయ్యవారూ. అయితే పసిబిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి కదా, ఆ తల్లికి తీరిక లేదన్నది అబద్ధమా?

కొర్లగుంట బాలింత: అబద్ధం కాదు తమ్ముడూ, కానీ ఆ లెక్క నా స్నేహితురాలికి నాకన్నా బాగా తెలుసు, ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. పాపకు మూడవ నెల నడుస్తున్నప్పుడు ఆమె నాన్నగారికి ఆపరేషను జరిగింది. ఆ రాత్రి ఆమె పెట్టిన సందేశాన్ని పాపకు పాలిస్తూ ఒంటి చేత్తో చదివి, బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కి వదిలేశాను. ఆ నొక్కిన వేలికి ‘నాన్న ఎలా ఉన్నారు?’ అని రాయడానికి అర నిమిషం పట్టేది. ‘కొంత తప్పె’ అంటే మిగిలిన తప్పు ఎవరిదో ఆమె వెతుక్కోవాలి కదా, అందుకే ఆ ‘కొంత’ నాకు మింగుడు పడడం లేదు.

తిరుచానూరు అత్తయ్య: నా పూరణలో చివరి రెండు పాదాలు చూడండి.

పెండ్లి యింటఁ బలికె పెళుసు మాటల నాడ
బిడ్డ; పుట్టినంత బెడిసె చెలిమి

చిత్తూరు అయ్యవారు: విరుపు అద్భుతంగా ఉందమ్మా. ‘ఆడబిడ్డ’ను రెండు పాదాలకు పంచి, పుట్టినంత చెలిమీ బెడిసిపోయిందని తేల్చారు, సమస్య అక్కడికక్కడే విడిపోయింది. అయితే ఇందులో బాలింతా లేదు, క్షమాపణా లేదు.

తిరుచానూరు అత్తయ్య: ఆ క్షమాపణ నాకు రావలసినది నాయనా. 22 ఏళ్ళుగా ఎదురు చూస్తున్నాను.

కొర్లగుంట బాలింత: నా ప్రయత్నం ఇది.

నాన్న కాపరేష నన్ననాఁ డొకమాట
యడుగ లేదు చెలియ! యదియె తప్పు
గడప దాటి రాక కదలిపోయితి వీవు
బిడ్డ పుట్టినంత బెడిసె చెలిమి

గడప సంగతి కూడా జరిగినదే. ఆమె వెండి గజ్జెలు తీసుకొని వచ్చినప్పుడు, పాప నిద్రపోతున్నది తరువాత రమ్మని మా ఇంట్లోవారు చెప్పారు, నేను లోపలి గదిలో ఉండి కూడా లేవలేదు. సంచిని చెప్పుల పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అలిపిరి నుంచి 3550 మెట్లూ నాతో కలిసి ఎక్కిన మనిషి మా ఇంటి గడప ఎక్కకుండా పోయింది.

శ్రీకాళహస్తి కుర్రవాడు: అక్కా, పద్యంలో ‘ఆపరేషను’ బాగుందా? ‘శస్త్రచికిత్స’ అనవచ్చు.

చిత్తూరు అయ్యవారు: ‘శస్త్రచికిత్స’ ఆ సూర్యగణాలలో ఇమడదు, ఇమిడినా ఇంట్లో ఎవరూ అలా అనరు. నాకు ఉన్న అభ్యంతరం వేరు. మొదటి రెండు పాదాలు తప్పును పేరు పెట్టి ఒప్పుకున్నాయి, అక్కడ బిడ్డ ఊసే లేదు, చాలా బాగుంది. ఆ తరువాత నాలుగవ పాదం వచ్చి నెపాన్ని మళ్ళీ బిడ్డ మీదికి నెట్టింది. సమస్యను మీరు విడదీయలేదు, అలాగే అతికించారు.

కొర్లగుంట బాలింత: నిజమే. మూడవ పాదాన్ని ఇలా మారుస్తాను.

నింద వేయ నెట్లు నిదురించు పాపపై
‘బిడ్డ పుట్టినంత బెడిసె చెలిమి’

చిత్తూరు అయ్యవారు: ఇప్పుడు పూరణ అయింది. సమస్యాపాదమే ఆమె వేయనంటున్న నింద అయింది.

తిరుచానూరు అత్తయ్య: పూరణ అయింది సరే, గడప పోయింది. ఆ పిల్లకు నొప్పి పుట్టింది గడప దగ్గర. అది లేని పద్యం మీ అయ్యవారికి బాగుంటుంది, ఆ పిల్లకు కాదు.

చిత్తూరు అయ్యవారు: రెండూ ఒకే పద్యంలో పట్టవమ్మా, ఉన్నవి నాలుగే పాదాలు.

కొర్లగుంట బాలింత: అత్తయ్య మాటకు నా దగ్గర జవాబు లేదు. రెండవది ఇక్కడ ఉండనివ్వండి. ఆమెకు మాత్రం ఏ పద్యమూ పంపను. శనివారం పాపను అమ్మ దగ్గర వదిలి, ఒక్కదాన్నే వెళ్ళి ముందు నాన్నగారి సంగతి అడుగుతాను. గజ్జెల సంచి ముడి నిన్ననే విప్పాను. అవి మూడు నెలల బిడ్డ కాలికి కొన్నవి, ఇప్పుడు బిగుతుగా ఉన్నాయి.