రెండు విడతల గ్రాంటుకు తుది నివేదికలో ఏ మారకపు రేటు వాడాలి?

మా ప్రాజెక్టుకు విదేశీ దాత ఇచ్చిన గ్రాంటు 1,00,000 యూరోలు. ఖర్చంతా స్థానిక కరెన్సీలోనే. యూరోకు 90 చొప్పున లెక్కేసి బడ్జెట్ వేశాం. మొదటి విడత 60,000 యూరోలు 88 రేటుకు మారి 52,80,000 వచ్చింది. రెండో విడత 40,000 యూరోలు 93కి మారి 37,20,000 వచ్చింది. మొత్తం సరిగ్గా 90,00,000. బ్యాంకు చార్జీలు విడిగా రాశాం, వాటితో పేచీ లేదు.

చిక్కంతా పరికరాల పద్దు దగ్గరే. 26,40,000 ఖర్చు మొదటి విడత డబ్బుతోనే అయిపోయింది. 88తో భాగిస్తే 30,000 యూరోలు. కానీ బడ్జెట్‌లో ఆ పద్దుకు ఉన్నది 29,333 మాత్రమే, ముందస్తు అనుమతి లేకుండా ఒక్క యూరో కూడా దాటకూడదని ఒప్పందంలో ఉంది. స్థానిక కరెన్సీలో చూస్తే మేం అనుకున్నదానికన్నా రూపాయి కూడా ఎక్కువ పెట్టలేదు!

నెలవారీ అధికారిక రేట్లతో వేసి చూశాను. మొత్తం ఖర్చు 1,00,000 యూరోలకు కలవడం లేదు. రెండు విడతల వెయిటెడ్ సగటు 90తో వేస్తే అన్నీ కుదురుతున్నాయి, కానీ మధ్యంతర నివేదిక ఇప్పటికే 88తో వెళ్లిపోయింది. దాతను అడిగితే 'మీ అకౌంటింగ్ పద్ధతినే పాటించండి' అన్నారు. మా పద్ధతిలో విడతల గురించి ఏమీ రాసి లేదు. ఆడిట్ దగ్గరపడేకొద్దీ టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి గ్రాంటుకు ఆడిట్ చేయించినవాళ్లు చెప్పండి: తుది నివేదికలో మొత్తం ఖర్చును సగటు 90తో తిరగరాసి వివరణ జతచేస్తే ఆడిటర్ ఒప్పుకుంటారా, లేక ఏ విడత ఖర్చుకు ఆ విడత రేటే ఉంచి పరికరాల పద్దుకు సవరణ అడగాలా?