"ఇరవుగ ఇసుకలోన": ఇరవు అంటే ఏమిటండీ?

ఎంవీపీ కాలనీ:
అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారు తంబురా శ్రుతి మాత్రం పెట్టుకుని "పలుకే బంగారమాయెనా" పాడారు. వీడియో తయారైంది. కింద పెట్టాల్సిన వివరణ దగ్గర మూడు రోజులుగా కూర్చున్నాను. సాహిత్యం, తాత్పర్యం, ఎవరు రాశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అన్నీ ఉండాలని ఆవిడ పట్టుదల. ఉడుత చరణం మొదటి మాటే కొరుకుడు పడటం లేదు. నా దగ్గరున్న పుస్తకంలో "ఇరవుగ ఇసుకలోన పొరలిన ఉడుత భక్తికి, కరుణించి బ్రోచితివని నెర నమ్మితిని తండ్రీ" అని ఉంది. అత్తయ్య నోట స్పష్టంగా "ఇరువుగ" వినిపిస్తోంది. ఏది సరైనది? దాని అర్థం ఏమిటి?

గాజువాక:
ఇరవు అంటే రాత్రి కదండీ. వానరులు పగలంతా రాళ్లు మోశారు, అందరూ నిద్రపోయాక ఉడుత రాత్రిపూట చాటుగా ఇసుక మోసింది. ఎవరికీ కనబడకుండా చేసిన సేవ, అదీ దాని గొప్ప. మా అమ్మమ్మ ఇలాగే చెప్పేది.

సీతమ్మధార మాష్టారు:
మీ అమ్మమ్మగారి కథ బాగుంది గానీ ఆ రాత్రి తమిళులది. తెలుగులో ఇరవు అంటే చోటు, ఉనికి, కుదురు. కన్నడంలో "ఇరు" అంటే ఉండు, మన మాటా ఆ కొమ్మదే. ఇరవుకొను అంటే స్థిరపడటం. బ్రౌణ్య నిఘంటువు తీసి చూడండి, రాత్రి కనబడదు.

గాజువాక:
రామదాసుకి తమిళం తెలీదని ఎవరన్నారు మాష్టారూ?

పెందుర్తి:
ఏటండీ, అసలు ఉడుత రాత్రి తిరగదు కదా. పొద్దు గూకితే కొమ్మ మీద పడుకుంటాది. మా పెరట్లో మామిడిచెట్టు మీద రోజూ చూస్తన్నాను.

సీతమ్మధార మాష్టారు:
పెందుర్తి వారి ప్రమాణం నిఘంటువు కన్నా గట్టిది.

మాట రూపం సంగతి ముందు తేల్చుకుందాం. ఈ కీర్తనలో చరణాలన్నీ రెండో అక్షరం మీద నడుస్తాయి. "రాతి నాతిగ చేసి భూతలమున" అన్న చరణంలో తి, తి, త వస్తాయి. "ఎంత వేడిన గాని సుంతైన దయ రాదు, పంతము సేయ" అన్న చోట ంత. అలాగే ఇక్కడ ఇరవుగ, పొరలిన, కరుణించి, నెర నమ్మితిని. నాలుగు చోట్లా రెండో అక్షరం రేఫే. కాబట్టి ఆ మొదటి మాటలో రెండో అక్షరం "ర" గుణింతంలోదే కావాలి. ఎవరైనా "ఇంపుగ" అనో "ఇష్టముగ" అనో పాడితే అది తప్పుపాఠం అని నిఘంటువు లేకుండానే చెప్పవచ్చు. అయితే ఈ పరీక్ష ఇరవుగ, ఇరువుగ రెండింటినీ ఒప్పుకుంటుంది. మీ అత్తయ్యగారిని ప్రాస కాపాడింది.

భీమిలి:
ప్రాస అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. "నెర"లో ఉన్నది బండి ఱ కదా? నెఱజాణ, నెఱనమ్ము. లక్షణకారులు ర, ఱ లకు ప్రాస ఒప్పుకోరు. మరి మీ పరీక్ష నాలుగో చోట ఓడిపోయినట్టేనా?

సీతమ్మధార మాష్టారు:
పట్టుకున్నారు. పద్యంలో అయితే తప్పే. ఇది పదం. భద్రాద్రి ముందు కూర్చుని గుండె బాదుకునేవాడు శకటరేఫం లెక్క చూసుకోడు, చెవికి రేఫ తగిలితే చాలు. పైగా ఆయన నాటికే నోటిలో ఆ రెండూ కలిసిపోయి ఉండాలని నా నమ్మకం.

భీమిలి:
నమ్మకం వేరు, ప్రమాణం వేరు. సరే, వదిలేస్తున్నాను. అర్థం మీద మాత్రం వదలను. ఇరవు అంటే కుదురు అంటున్నారు. ఉడుత ఇసుకలో "కుదురుగా" పొర్లడం ఏమిటి? పొర్లేది కుదురుగా ఉండదు, కుదురుగా ఉన్నది పొర్లదు.

మధురవాడ:
"ఇరవుగ" ఉడుతకి కాదు, నమ్మకానికి చెందుతుందని నా ఊహ. "ఇరవుగ నెర నమ్మితిని", అంటే స్థిరంగా, నిండుగా నమ్మాను. మాట ముందుకు జరిగింది, అంతే.

భీమిలి:
ఏకంగా రెండు పాదాలు దూకి? మీ ఊహలో ఉడుత కన్నా మాటే ఎక్కువ గెంతుతోంది.

సీతమ్మధార మాష్టారు:
నేనైతే "నెలవుగా" అంటాను. ఇసుకే దాని చోటు. వానరులకి కొండలు అందాయి, దీనికి ఇసుకే అందింది. తన చోటులోనే తాను పొర్లింది. రెండో దారి కూడా ఉంది. ఇరవు అన్నప్పుడు అనువు, తగినట్టు అనే భావమూ వస్తుంది. ఒంటికి ఇసుక బాగా అంటుకునేలా పొర్లింది అని. ఉడుత చేసిన పని గుర్తు చేసుకోండి. సముద్రంలో మునిగి ఒళ్లు తడుపుకుంది, ఇసుకలో దొర్లింది, వారధి దగ్గరికి పోయి దులుపుకుంది. తడవకుండా పొర్లితే రవ్వ కూడా అంటదు. పొర్లడంలో పనితనం ఉంది. "అనువుగా పొర్లిన" అంటే ఆ పనితనం వస్తుంది.

ఎంవీపీ కాలనీ:
మాష్టారూ, ఇది చాలా సాయం చేసింది. నేను తాత్పర్యంలో "ఇసుకలో ఆడుకుంటున్న ఉడుతను కూడా కరుణించావు" అని రాశాను.

సీతమ్మధార మాష్టారు:
అమ్మా, అది వెంటనే చెరిపేయండి. ఆటకి కాదు దయ, సేవకి. "భక్తికి కరుణించి" అన్న మాటే మాయమైంది మీ వాక్యంలో.

పెందుర్తి:
ఆర్కే బీచిలో పొర్లినోళ్లందరికీ దయ రావాలంటే రాముడికి తీరిక ఉండదు.

గాజువాక:
తమిళం గురించి మళ్లీ వస్తున్నాను, తిట్టకండి. ఈ ఉడుత కథ వాల్మీకంలో లేదు కదా? మరి ఎక్కడిది?

సీతమ్మధార మాష్టారు:
ఈసారి తిట్టను, ఆలింగనం చేసుకుంటాను. వాల్మీకంలో లేదు. మనకి రంగనాథ రామాయణంలో కనబడుతుంది. ఇక తమిళంలో తొండరడిప్పొడి ఆళ్వారు రాసిన తిరుమాలై అనే కృతిలో ఒక పాశురం ఉంది. కోతులు కొండల్ని తోస్తుంటే ఉడుతలు నీట మునిగి, ఇసుకలో పొర్లి, కడలి పూడ్చడానికి పరిగెత్తాయట. కపటం లేని ఆ ఉడుతల పాటి కూడా కాలేదే నేను అని ఆళ్వారు ఏడుస్తాడు. అక్కడ క్రియ "పురండు", ఇక్కడ "పొరలిన". రామదాసు ఈ పాశురాన్ని కోవెల్లో వైష్ణవుల నోట విన్నాడని నా సొంత సిద్ధాంతం. ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. కానీ తేడా చూడండి. ఆళ్వారు తనని తాను ఉడుత కన్నా కింద పెట్టుకున్నాడు. రామదాసు ఉడుతని సాక్ష్యంగా తెచ్చి రాముణ్ణి నిలదీశాడు. దానికి దయ చూపావు, అది చూసే నిన్ను నమ్మాను, ఇప్పుడేమిటీ మౌనం? తానీషా చెరలో ఉన్నవాడి గొంతు అది. విష్ణుచిత్తుడి కూతురు కూడా రంగనాథుణ్ణి ఇలాగే...

భీమిలి:
మాష్టారు ఆండాళ్ దాకా వెళ్లిపోయారు. ఇక ఈ రాత్రికి ఉడుత దొరకదు.

అక్కయ్యపాలెం:
ఆలస్యంగా చూశాను. పల్లవికి తాత్పర్యం ఏం రాశారో? "నీ మాట బంగారంలా అందంగా ఉంది రామా" అని చాలా చోట్ల చూస్తున్నాను. పొగడ్తే కదా?

ఎంవీపీ కాలనీ:
లేదండీ, అది మాత్రం అత్తయ్యే చెప్పింది. బంగారం దొరకనట్టు నీ పలుకు దొరకడం లేదని. కింద "పిలిచిన పలుకవేమి" అని అడుగుతున్నాడుగా. పొగిడేవాడు అలా అడగడు.

మధురవాడ:
నాకు జరిగింది చెబుతాను. పోయిన శ్రీరామనవమికి మా పాప పాడిన రామదాసు కీర్తన పెట్టాను. సాహిత్యం పాతది కదా అని "సంప్రదాయ కీర్తన" అని ఊరుకున్నాను. వారంలో ఎవరిదో హక్కుల ఫిర్యాదు. పాప సొంత గొంతు, కానీ బాణీ ఒక రికార్డులోదానితో సరిపోయింది. పాటకి హక్కు ఎవరికీ లేదు, నిజమే. బాణీ కట్టినవారికి బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రికార్డుకి వేరేగా 60 ఏళ్లు. అత్తయ్యగారు ఎక్కడ నేర్చుకున్నారో అది రాయండి.

ఎంవీపీ కాలనీ:
విజయవాడ రేడియో భక్తిరంజనిలో విని నేర్చుకున్నారట. బాలమురళి గారి ఆనందభైరవి.

మధురవాడ:
అయితే ఆ మాటే రాయండి. "సంప్రదాయం" అనకండి. పేరు రాస్తే ఫిర్యాదు రాదని కాదు, వస్తే జవాబు చెప్పుకోడానికి మీకొక నిజం ఉంటుంది. ఇంకొకటి, వివరణ మడతపడి మొదటి రెండు మూడు వరుసలే కనబడతాయి. స్వాగతాలు, సుస్వాగతాలు అక్కడ పెట్టకండి. శీర్షికకి 100 అక్షరాలే, "శ్రీ" ఒక్కటే నాలుగు తినేస్తుంది.

ఎంవీపీ కాలనీ:
ఇదిగో, ఇలా రాశాను. చూసి చెప్పండి.

"పలుకే బంగారమాయెనా. రచన: భద్రాచల రామదాసు (కంచర్ల గోపన్న). రాగం ఆనందభైరవి, ఆది తాళం. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాడగా విని నేర్చుకున్నది. గానం: మా అత్తయ్య, విశాఖపట్నం. వాద్య సహకారం లేదు, తంబురా శ్రుతి మాత్రమే.

ఉడుత చరణం తాత్పర్యం: ఒళ్లు తడుపుకుని, ఇసుక అంటేలా పొర్లి, వారధికి తన వంతు మోసిన ఉడుత భక్తికి కరిగి కాపాడావు. అది విని నిన్ను నిండుగా నమ్మాను తండ్రీ.

పాఠం: అచ్చులో 'ఇరవుగ', ఈ గానంలో 'ఇరువుగ'. ఇరవుకి చోటు, కుదురు, అనువు అనే అర్థాలున్నాయి. ఇక్కడ అనువు అని తీసుకున్నాం."

సీతమ్మధార మాష్టారు:
బాగుంది. పాడింది ఒకటి, అచ్చులో ఉన్నది ఒకటి అని దాచకుండా చెప్పారు. "నెలవు" కూడా చేర్చి ఉంటే నాకు ఇంకా బాగుండేది.

భీమిలి:
"అది విని" ఎక్కడిది? మూలంలో "బ్రోచితివని" ఉంది. కాపాడావు అని, కాపాడావు కనుక అని. వినికిడి మీరు కలిపారు.

సీతమ్మధార మాష్టారు:
"అని నమ్మితి" అన్నప్పుడు లోకం చెప్పగా తెలిసింది అన్న భావం ఉండనే ఉంది.

భీమిలి:
ఉంటే ఉండనివ్వండి, మూలంలో లేనిది మాత్రం తాత్పర్యంలో పెట్టకండి.

ఎంవీపీ కాలనీ:
"అది విని" తీసేశాను. "కాపాడావని నిన్ను నిండుగా నమ్మాను" అని పెట్టాను. అత్తయ్యకి అంతా చదివి వినిపించాను. ఇరవు, ఇరువు ఏదైనా సరే మళ్లీ పాడను, గొంతు బాగున్న రోజు అదొక్కటే అన్నారు.

పెందుర్తి:
ఉడుతా, ఉడతా? మా వైపు ఉడతే.

సీతమ్మధార మాష్టారు:
అయ్యో, ఇప్పుడే పడుకుందామనుకున్నాను.