మేడమీద ఫైటు: రిహార్సల్లో తగలని గుద్దు టేకులో ఎందుకు తగులుతోంది?

మేడమీద_సినిమా
మిత్రులకు నమస్కారం. నిన్న సాయంత్రం నాలుగు గంటల నుంచి వెలుతురు పోయేదాకా ఒకే షాటును తొమ్మిదిసార్లు తీశాము, ఒక్కటీ పనికిరాలేదు. మాది చిన్న సినిమా. ఇద్దరు నటుల మధ్య పద్నాలుగు కదలికల ఫైటు ఉంది. దానిని ఒక ఫంక్షన్ హాల్లో మూడు సాయంత్రాలు అభ్యాసం చేయించాను, అక్కడ ఒక్క దెబ్బ కూడా తగలలేదు. తీరా లొకేషన్‌కు వచ్చాక మూడో కదలిక, అంటే కుడిచేత్తో చెంప మీదికి ఊపే గుద్దు, సగం టేకుల్లో మధ్యలోంచి బస్సు పోయేంత ఖాళీతో కనిపిస్తోంది, మిగిలిన వాటిలో కొన్ని టేకుల్లో నిజంగానే తగులుతోంది. రెండుసార్లు తగిలింది. రెండోసారి కంటి కింద చర్మం చిట్లింది. పిడికిలికీ ముఖానికీ మధ్య ఎన్ని అంగుళాలు ఉండాలో దయచేసి ఎవరైనా సూటిగా ఒక అంకె చెప్పండి.

క్లుప్తంగా
నేల ఏమిటి? కాళ్ళకు ఏమున్నాయి? చుట్టూ ఏముంది?

కత్తెరబల్ల
అంగుళాల లెక్క కన్నా వేగం లెక్క ముఖ్యమని ఎడిటరుగా నా అభిప్రాయం. మీ నటులను ముప్పావు వేగంతో చేయమని చెప్పి, కెమెరాను సెకనుకు 22 ఫ్రేముల దగ్గర పెట్టి తీసి, 24 దగ్గర ఆడించండి. దాదాపు తొమ్మిది శాతం వేగం పెరుగుతుంది. నెమ్మదిగా చేసినవాడికి దెబ్బ తగలదు, చూసేవాడికి నెమ్మదిగా చేసినట్లు అంతగా తెలియదు. మన దగ్గర దశాబ్దాలుగా ఫైట్లు ఇలాగే తీస్తున్నారు.

పదకోశం
సమస్యలోకి వెళ్ళే ముందు ఒక మాట. ఈ సమూహంలో అందరూ ఈ పని చేసేవారిని ఫైట్ మాస్టర్ అని రాస్తున్నారు. దెబ్బలు కూర్చేవారు వేరు, తాళ్ళూ పరుపులూ వాహనాలూ సహా మొత్తం భద్రతకు జవాబుదారీగా ఉండేవారు వేరు. జాతీయ చలనచిత్ర పురస్కారాలలో 2017లో మొదటిసారి ప్రకటించిన ఈ విభాగానికి యాక్షన్ దర్శకత్వం అనీ, స్టంట్ కొరియోగ్రఫీ అనీ రెండు పేర్లూ వాడారు. అంటే పురస్కారం ఇచ్చేవారికే ఏ పేరు పెట్టాలో తేలలేదు. ప్రశ్న అడిగినవారు ముందు తమ చిత్రానికి ఈ రెండు బాధ్యతల్లో ఏది ఎవరిదో చెప్పాలి.

మేడమీద_సినిమా
నాదే. రెండూ నావే. వేరే మనిషిని పెట్టుకునేంత డబ్బు మా దగ్గర లేదు. నేల మామూలు సిమెంటు డాబా, చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. కాళ్ళకు బూట్లు ఉన్నాయి. దయచేసి ఆ అంకె చెప్పండి.

పాతఫైటరు
తమ్ముడూ, అంకె చెబుతాను, అయితే దానితో మీ సమస్య తీరదు. కొట్టేవాడు చెయ్యి పూర్తిగా చాచినా పిడికిలి ఎదుటివాడి ముఖానికి జానెడు దూరంలో ఆగిపోవాలి. రిహార్సల్ మొదలయ్యే ముందు ఇద్దరినీ నిలబెట్టి, చెయ్యి చాపించి, మధ్యలో మీ జాన పెట్టి చూసి, ఆ ఇద్దరి పాదాల దగ్గర టేపు అంటించండి. ఇది మీ హాల్లో కూడా దాదాపు ఇలాగే ఉండి ఉంటుంది, లేకపోతే మూడు సాయంత్రాలు క్షేమంగా గడిచేవి కావు. కాబట్టి నాకు మూడు విషయాలు కావాలి. హాల్లో కెమెరా ఎక్కడ ఉంది, డాబా మీద ఎక్కడ ఉంది? మూడో గుద్దుకు ముందు వాళ్ళు ఏం చేస్తున్నారు? ఖాళీ కనిపించినప్పుడు మీరు నటులతో ఏమన్నారు?

మేడమీద_సినిమా
హాల్లో కెమెరా తేలేదు, ఫోనును స్టాండుకు బిగించి కొట్టేవాడి వెనకవైపు మూలన పెట్టాను. డాబా మీద కెమెరామన్ చేత్తో పట్టుకుని తీశాడు, ఎందుకంటే ఇది ఛేజ్ నుంచి ఫైటులోకి వచ్చే ఒకే షాటు. ఒకడు పారిపోతూ మూడు అంతస్తుల మెట్లు ఎక్కి పైకి వస్తాడు, రెండోవాడు తరుముకుంటూ వస్తాడు, మెట్ల తలుపు దాటగానే ఫైటు మొదలవుతుంది. అది రాయలేదా? అందరికీ అర్థమై ఉంటుందనుకున్నాను. ఖాళీ కనిపించినప్పుడు సహజంగానే ఇంకొంచెం దగ్గరికి వెళ్ళమన్నాను.

పాతఫైటరు
అదే మీ దెబ్బ. చర్మం చిట్లింది ఆ చివరి మాట వల్ల.

ఫోను స్టాండు మీద మీకు అనుకోకుండా సరైన చోటు దొరికింది. కొట్టేవాడి భుజం వెనక నుంచి చూసినప్పుడు కెమెరా, పిడికిలి, ఎదుటివాడి చెంప ఒకే గీత మీదికి వస్తాయి, అప్పుడు జానెడు ఖాళీ తెర మీద కనబడదు. పిడికిలి ఆ గీతను దాటే క్షణంలో ఎదుటివాడు తల తిప్పితే చూసేవాడి కన్ను దెబ్బ తగిలినట్లే లెక్కవేసుకుంటుంది. డాబా మీద మీ కెమెరామన్ మెట్ల నుంచి వాళ్ళ వెంట వచ్చి ఒక టేకులో గీత మీద, ఇంకో టేకులో రెండడుగులు పక్కకు నిలబడ్డాడు. పక్క నుంచి చూస్తే ఏ ఖాళీ అయినా బయటపడుతుంది. మీరు మానిటరులో ఖాళీ చూసి, తప్పు నటుల దూరానిదనుకుని, వాళ్ళను దగ్గరికి తోశారు. తప్పు కెమెరాది. పెద్ద సినిమాల్లో ఆపరేటరును చివరి రిహార్సల్‌కు రప్పించేది ఇందుకే. ఫైటులో అతను మూడో ఫైటరు, అతని అడుగులు కూడా లెక్కలోకి వస్తాయి.

రెండో కారణం మెట్లు. హాల్లో మీ ఇద్దరూ నిలబడి మొదలుపెట్టారు. డాబా మీద మూడు అంతస్తులు పరిగెత్తి వచ్చి మొదలుపెడుతున్నారు. పరుగు మీద వచ్చినవాడు టేపు దగ్గర ఆగలేడు, ఒంటి బరువు వాడిని ఇంకో అరడుగు ముందుకు తీసుకుపోతుంది, దాంతో జానెడు ఖాళీ మాయమవుతుంది. రొప్పుతున్నవాడు ఎదుటివాడి కళ్ళలోకి కూడా చూడడు, నేలకేసి చూస్తాడు. గుద్దు ఎత్తేముందు కళ్ళు కలపడం అనేది, నేను సిద్ధం, నువ్వు సిద్ధమా అని అడగడం. ఆ జవాబు రాకుండా వదిలిన చెయ్యి ఎక్కడ పడుతుందో వదిలినవాడికే తెలియదు.

కత్తెరబల్ల
నేను చెప్పిన 22 ఫ్రేముల పద్ధతితో ఈ రెండు సమస్యలూ తగ్గుతాయి కదా?

పాతఫైటరు
సగం తగ్గుతాయి. చెయ్యి నెమ్మదిస్తుంది, నిజమే, మిగిలిన దానికి పనికొస్తుంది కూడా. కానీ గీత తప్పిన కెమెరాకు నెమ్మదిగా వేసిన గుద్దు ఇంకా స్పష్టంగా ఖాళీతో కనిపిస్తుంది. పైగా ఆయన ఒకే షాటు అంటున్నారు. మెట్ల పరుగును కూడా 22లో తీస్తే పాత మూగ సినిమా నడకలా వస్తుంది, పక్కన మాట ఉంటే గొంతు కూడా సరిపోదు.

కత్తెరబల్ల
పాత మూగ సినిమాలు ఇంకా తక్కువ వేగంతో తీసినవి, 22 దగ్గర అంత తేడా రాదు. అయినా సరే, మాట విషయం ఒప్పుకుంటాను.

క్లుప్తంగా
చుట్టూ ఏముందన్న ప్రశ్నకు జవాబు రాలేదు. పిట్టగోడ ఎంత ఎత్తు?

మేడమీద_సినిమా
మోకాలి దాకా ఉంటుంది, పాత ఇల్లు. ఫైటు జరిగే చోటికి నాలుగైదు అడుగుల దూరం. ఆ అంచు ఫ్రేములో ఉంటేనే భయం వస్తుంది.

క్లుప్తంగా
ఆపండి.

పాతఫైటరు
ఇది మొదట చెప్పవలసిన మాట. గుద్దు తగిలినట్లు నటించేవాడు వెనక్కి రెండడుగులు వేస్తాడు, మూడోది తడబడితే మీకు మిగిలేది ఆ మోకాలి గోడే, అది మనిషిని ఆపదు సరికదా కాళ్ళకు అడ్డుపడి తలకిందులుగా తోస్తుంది. వాన నీళ్ళు పోవడానికి డాబాకు ఒక వైపు వాలు పెడతారు, మీరు విశేషం కాదన్న ఆ వాలు గోడవైపే ఉంటుంది. ఫైటును గోడ నుంచి కనీసం పన్నెండు అడుగులు లోపలికి జరపండి. ఏ తూలుడూ గోడవైపు పోకుండా, గోడకు సమాంతరంగా పోయేలా కదలికలు తిరిగి కూర్చండి. అంచు భయం పోతుందని దిగులుపడకండి. కెమెరాను దూరంగా వెనక్కి తీసుకుపోయి 85 మిల్లీమీటర్ల లెన్సు పెడితే పన్నెండు అడుగులు అయిదు అడుగుల్లా అణిగి కనిపిస్తాయి.

నిజంగా అంచున జరగాల్సిన కదలిక ఉంటే అది తాడు కట్టే మనిషి లేకుండా జరగదు, ఆ మనిషి మీరు కాదు. 2016లో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో హెలికాప్టరు నుంచి దూకిన ఇద్దరు నటులు మునిగిపోయారు. దూకడం వరకూ జరిగిపోయింది, దూకాక నీళ్ళలోంచి తీసే ఏర్పాటు సరిపోలేదు. మీ డాబాకు కూడా అదే ప్రశ్న వేసుకోండి. అడుగు తప్పిన తర్వాత ఏముంది?

ఇక షాటు. ఒకటి కావాలని పట్టుబట్టకపోతే మెట్ల తలుపు దగ్గర కోయండి. పట్టుబడితే తరుముకొచ్చినవాడి చేత తలుపు చట్రం పట్టించండి. వాడు రెండు ఊపిరులు తీసుకుంటాడు, ఎదుటివాడు తిరిగి చూస్తాడు, కళ్ళు కలుస్తాయి, అప్పుడు నాలుగు అడుగులు నడిచి టేపు మీదికి వస్తాడు. కథకూ అది బాగుంటుంది, పరుగు బరువూ అక్కడే దిగిపోతుంది. పద్నాలుగు కదలికలను నాలుగైదేసిగా విడగొట్టి, ముందు నడక వేగంలో, తర్వాత సగంలో, కెమెరామన్‌తో కలిసి ముప్పావులో చేయించండి. టేకు కూడా ముప్పావు దాటనివ్వకండి. అలిసిపోయి చేసిన తొమ్మిదో టేకు అన్నిటికన్నా ప్రమాదం, మూడు నాలుగు తర్వాత విశ్రాంతి ఇవ్వండి. చిట్లినవాడిని డాక్టరు చూసేదాకా, వాపు దిగేదాకా నిలబెట్టవద్దు.

క్లుప్తంగా
పరుపు?

పాతఫైటరు
నేల మీద పడే కదలిక ఉన్నచోట మాత్రమే. నిలబడి కొట్టుకునే చోట పరుపు అంచు కాలికి తగిలి పడేస్తుంది.

క్లుప్తంగా
ఒప్పుకోను. సిమెంటు మీద తల పడితే?

పాతఫైటరు
అంచులు కనిపించకుండా పెద్ద వెడల్పు పలుచని పరుపు దొరికితే వేయవచ్చు, దొరకనప్పుడు మీరే చెప్పండి.

పదకోశం
ఇప్పుడు చూశారా, ఈ పని మొత్తం భద్రతకు జవాబుదారీ అయినవారిది, దెబ్బలు కూర్చినవారిది కాదు. నేను మొదటే అడిగాను.

రెండుచక్రాలు
ఛేజ్ గురించి మాట్లాడుతున్నారు గనుక నా సమస్య కూడా చెబుతాను. మాది రెండు బైకుల ఛేజ్. ఊరి బయట మలుపులో ముందు బైకు ఒక్కసారిగా ఆగాలి, వెనకది దాన్ని గుద్దకూడదు. ఇద్దరూ బాగా నడిపేవాళ్ళే. మలుపు అవతల ఏముందో ముందుగా చూడలేదు, ఒక గేదె వచ్చింది.

పాతఫైటరు
గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పదకొండు మీటర్లు పోతుంది, వెనకవాడికి బ్రేకు తట్టడానికే ఆ సెకను అయిపోతుంది. ముందు నడిచి, తర్వాత నెమ్మదిగా నడిపి, మలుపు అవతల జెండాతో ఒక మనిషిని పెట్టాక మాట్లాడుకుందాం. వేరే చర్చ పెట్టండి.

మేడమీద_సినిమా
తలుపు చట్రం ఆలోచన కెమెరామన్‌కు నచ్చింది. మా దగ్గర 85 లేదు, 50 మాత్రమే ఉంది. గోడ నుంచి పన్నెండు అడుగులు లోపలికి జరిపితే నీళ్ళ ట్యాంకు అడ్డం వస్తోంది, చూస్తాము. డాక్టరు రెండు కుట్లు వేశాడు, ఆదివారం దాకా షూటింగ్ లేదు. ధన్యవాదాలు.

రెండుచక్రాలు
వేరే చర్చ పెట్టాను, ఎవరూ రాలేదు. జెండా మనిషి గేదెను కూడా ఆపగలడా?