ఇటాలియన్ ‘అందార్సెనె’లోని ‘వెళ్ళిపోవడం’ ఇంగ్లీషులో ఎలా పలుకుతుంది?

నమస్కారం. ఇటాలియన్ నేర్చుకుంటూ, చదివిన వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చి అభ్యాసం చేస్తున్నాను. ‘అల్త్సారె’ అంటే పైకెత్తడం, ‘అల్త్సార్సి’ అంటే తానే లేవడం. దీనికి ఇంగ్లీషులో ‘గెట్ అప్’ సరిపోతుంది, ‘మైసెల్ఫ్’ వంటి మాట అక్కరలేదు.

చిక్కంతా ‘అందార్సెనె’తోనే. ‘మరియా సి ఎ అల్త్సాతా ఎ సె నె అందాతా’ అన్న వాక్యాన్ని ‘మరియా గాట్ అప్ అండ్ లెఫ్ట్’ అని రాశాను. ‘సె’, ‘నె’ రెండూ కనిపించకుండా పోయినా, ఉన్నచోటు విడిచిందన్న భావాన్ని ‘లెఫ్ట్’ మోస్తోంది. మన ‘వెళ్ళింది’, ‘వెళ్ళిపోయింది’ మధ్య తేడా అచ్చంగా ఇదే కాబట్టి ఇటాలియన్ నాకు సులభంగానే అర్థమవుతోంది.

అయితే గమ్యం కూడా చెప్పినప్పుడు ‘లెఫ్ట్’ ఒక్కటే చాలడం లేదు. ‘ఎ అందాతా అ కాజా’ అంటే ఇంటికి వెళ్ళింది, ‘సె నె అందాతా అ కాజా’ అంటే ఇంటికి వెళ్ళిపోయింది. మొదటిదానికి ‘వెంట్ హోమ్’, రెండోదానికి ‘వెంట్ ఆఫ్ హోమ్’ అని రాశాను. ఆ ‘ఆఫ్’ సహజంగా ఉందా, లేక అలిగి వెళ్ళిందన్న ధ్వని అదనంగా వస్తోందా? రెండు భాషలూ బాగా తెలిసినవారు దయచేసి వివరించగలరు.