‘మైనస్‌తో భాగిస్తే గుర్తు మారుతుంది’: ఏ గుర్తు?

తొమ్మిదో తరగతి పిల్లాడి అమ్మ: మావాడు −3x + 5 < 11 లెక్క చేశాడు. 5ని అటు పంపి −3x < 6 అన్నాడు, అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత −3తో భాగించి x < −2 అని రాశాడు. గుర్తు మార్చలేదేంరా అంటే, “మార్చానమ్మా, 6 ప్లస్‌గా ఉంటే −2 వచ్చిందిగా” అన్నాడు. గుర్తు అంటే ప్లస్సా మైనస్సా, లేక ఆ < నా? వేరే మాట ఏదైనా వాడొచ్చా?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి: ఇందులో అయోమయమేముందమ్మా? ఇటున్నది అటు పంపితే ప్లస్ మైనస్ అవుతుంది. మా రోజుల్లో పక్షాంతరం అనేవాళ్లం.

లెక్కల టీచరు: అది వేరే సంగతండీ. పక్షాంతరమంటే రెండు వైపులా ఒకటే కలపడమో తీసేయడమో. రెండూ ఒకే దూరం జరుగుతాయి కాబట్టి పెద్దది పెద్దదిగానే ఉంటుంది. మైనస్‌తో గుణిస్తే సున్నాకి అవతలికి దూకుతాయి. 2 < 5 కదా, −1తో గుణించండి: సున్నాకి దూరంగా ఉన్న 5 ఇప్పుడు మరీ ఎడమకు పోతుంది. అందుకే −2 > −5.

అమ్మా, బాబును x = 0 వేసి చూడమనండి. 5 < 11 నిజమే, కానీ వాడి జవాబులో 0 లేదు. సరైనది x > −2. −2 వేసి సరిచూస్తే మాత్రం తప్పు దొరకదు. హద్దు ఎలాగూ సరిగ్గానే వస్తుంది, తప్పేది వైపే.

ట్యూషన్ చెప్పే అమ్మాయి: నేనైతే ‘మైనస్ కనిపిస్తే మూతి తిప్పెయ్’ అంటాను. పిల్లలకు బాగా గుర్తుంటుంది.

లెక్కల టీచరు: మూతి తిప్పడం బాగుంది తల్లీ, ‘కనిపిస్తే’ దగ్గరే చిక్కు. 3x < −6లోనూ మైనస్ కనిపిస్తుంది, కానీ భాగించేది 3తో. మూతి కదలదు, x < −2 అంతే.

ఫార్మసీ విద్యార్థి: నా లెక్కలో మైనస్ కనిపించనే లేదు సార్! ఒక్కో అర్ధాయువుకు సగమయ్యే మందు నూరో వంతుకన్నా తగ్గాలంటే ఎన్ని అర్ధాయువులు పట్టాలి? అది n అనుకుంటే 0.5ⁿ < 0.01 కావాలి, లాగ్ తీస్తే n log 0.5 < log 0.01. భాగిస్తే n < 6.64 వచ్చింది. అంటే మొదట్లోనే తగ్గిపోయినట్టు!

లెక్కల టీచరు: log 0.5 అంటే దాదాపు −0.301. ఒకటికన్నా చిన్నదాని లాగ్ ఎప్పుడూ మైనస్సే, రాతలో కనబడదంతే. n > 6.64 రావాలి. ఆరు అర్ధాయువులకు 1/64 మిగులుతుంది, ఏడుకు 1/128.

తొమ్మిదో తరగతి పిల్లాడి అమ్మ: మరి ‘దిశ తిరుగుతుంది’ అందామా?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి: ‘దిశ’ అంటే పిల్లలు బాణం గుర్తనుకుంటారేమోనమ్మా. ‘పెద్దది చిన్నదవుతుంది’ అంటే నాకే ఇప్పుడు అర్థమైంది.

ట్యూషన్ చెప్పే అమ్మాయి: నేను మూతే ఉంచుతాను సార్. ‘కనిపిస్తే’ తీసేసి ‘మైనస్‌తో భాగిస్తే, గుణిస్తే’ అంటాను.