పొట్టి పన్ను మీద క్యాప్ నిలవట్లేదు, ఏ సిమెంట్ వాడాలి?

కొత్త_క్లినిక్: కింద కుడివైపు సెకండ్ మోలార్, రూట్ కెనాల్ అయింది, జిర్కోనియా క్యాప్. జీఐసీతో పెడితే నాలుగు నెలల్లో రెండుసార్లు ఊడొచ్చింది. జింక్ ఫాస్ఫేట్ ట్రై చెయ్యాలా, నేరుగా రెసిన్‌కి వెళ్ళాలా?

గాజుపలక: జింక్ ఫాస్ఫేటే పెట్టు బాబూ. ముప్పై ఏళ్ళుగా అదే వాడుతున్నా, చల్లటి గాజు పలక మీద పొడి చిటికెడు చిటికెడుగా వెడల్పుగా నూరుతూ కలపాలి, స్పాచ్యులా పైకెత్తితే అంగుళం దాకా తీగ సాగాలి, మీరేమో పొడంతా ఒకేసారి కుమ్మరించి అది గట్టిపడిపోయాక సిమెంట్‌ని తిడతారు.

ప్రోస్థో_కాకినాడ: కలిపే పద్ధతి మీరు చెప్పిందే కరెక్ట్ సార్. కానీ జింక్ ఫాస్ఫేట్ పన్నుకి అంటుకోదు కదా, సందుల్లో దూరి బిగుసుకుంటుందంతే, పన్ను ఎత్తుగా, గోడలు నిటారుగా ఉంటేనే ఆ బిగువు పనికొస్తుంది. కొత్త_క్లినిక్ గారూ, అరగదీశాక ఎత్తెంత మిగిలింది? ఊడిన క్యాప్ లోపల సిమెంట్ ఉందా, పన్ను మీదే ఉండిపోయిందా?

శ్రావణి_వైజాగ్: మా అమ్మకి క్యాప్ పెట్టినప్పట్నుంచీ చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోంది, సిమెంట్ మార్పించమంటారా?

ప్రోస్థో_కాకినాడ: అది వేరే సంగతమ్మా. నరం బతికున్న పన్నైతే జింక్ ఫాస్ఫేట్ మొదట్లో పులుపు కాబట్టి జివ్వుమనొచ్చు, పన్నుని మరీ ఎండగట్టి జీఐసీ పెట్టినా అంతే. క్యాప్ ఎత్తుగా తగులుతోందేమో ముందు అది చూపించండి.

కొత్త_క్లినిక్: ఎత్తు 3 మి.మీ. కూడా లేదు సార్. సిమెంట్ మొత్తం పన్ను మీదే ఉంది, క్యాప్ లోపల అద్దంలా శుభ్రంగా ఉంది.

ప్రోస్థో_కాకినాడ: అయితే వదిలేసింది జిర్కోనియా వైపు. మోలార్‌కి 4 మి.మీ. లేకపోతే నేను రెసిన్‌కే వెళ్తా, కానీ రెసిన్ అయినా ఊరికే పూస్తే ఇలాగే ఊడుతుంది. నోట్లో పెట్టి చూసినప్పుడు ఉమ్ములోని ఫాస్ఫేట్ జిర్కోనియాని పట్టుకుంటుంది, నీళ్ళతో కడిగితే పోదు, చాలామంది ఎచింగ్ జెల్ వేస్తారు, అది కూడా ఫాస్ఫారిక్ యాసిడే కాబట్టి ఇంకా చెడుతుంది. ట్రయల్ అయ్యాక 50 మైక్రాన్ల అల్యూమినాతో తక్కువ ప్రెషర్‌లో శాండ్‌బ్లాస్ట్ చేసి ఎండీపీ ఉన్న ప్రైమర్ రాయండి, ఆ తర్వాత రెసిన్.

గాజుపలక: సెకండ్ మోలార్ వెనక అంచు చిగురు కింద ఉండి రక్తం కారుతుంటే నీ రెసిన్ ఏం చేస్తుంది? రేపు క్యాప్ తియ్యాలంటే కోసి తియ్యాలి కూడా.

ప్రోస్థో_కాకినాడ: అది నిజమే సార్, తడి ఆపలేకపోతే నేనూ రెసిన్ పెట్టను. అప్పుడు చిగురు తగ్గించి ఎత్తు తెచ్చుకోవడమో, పన్నుకి గాళ్ళు తీసి కొత్త క్యాప్ చేయించి రెసిన్ కలిసిన జీఐసీతో పెట్టడమో.

కొత్త_క్లినిక్: వెనకవైపు అంచు చిగురు కిందే ఉంది సార్ 😅 కొత్త క్యాప్ డబ్బులు పేషెంట్‌ని ఎలా అడగాలో అర్థం కావట్లేదు.

గాజుపలక: అడక్కు. నీ ఖర్చులోనే చేయించు.